ఒక కార్డు, పద్నాలుగు చీటీలు

మా సంఘము కోనసీమలోని ఒక చిన్న ఊరిలో ఉన్నది. మా సండేస్కూలు సూపరింటెండెంటు అమ్మగారికి మొన్న అరువది యేండ్లు నిండాయి. 1994లో టీచరుగా చేరినది మొదలు ఆమె పిల్లలను విడిచిపెట్టలేదు. అయితే ఈ సంవత్సరమే ఫిబ్రవరిలో ఆమె భర్తగారు ప్రభువునందు నిద్రించారు. పెద్ద వేడుక చేస్తే ఆమె నొచ్చుకుంటారు, ఏమీ చేయక ఊరుకొంటే మేము మరచిపోయామనుకుంటారు. తోటి టీచర్లందరము కలిసి ఒక కార్డు వ్రాసి ఇద్దామని అనుకున్నాము.

కార్డు విషయములో మాకు లోగడ ఒక చేదు అనుభవము ఉన్నది. రెండేండ్ల క్రితము గాయక బృందములోని ఒక సహోదరునికి ఇలాగే కార్డు కొని, చేతులు మార్చుకుంటూ పొమ్మని వదిలివేశాము. మొదట దొరికిన వారు నడిమధ్యన వేలెడంత అక్షరాలతో శుభాకాంక్షలు వ్రాశారు. తరువాతి వారు దానిని చూచి అదే మాట వ్రాశారు. చివరివారికి మూలలు మిగిలితే కార్డును అడ్డముగా త్రిప్పి వ్రాశారు. ఆ సహోదరుడు మర్యాదకు ఒకసారి చూచి, మడిచి బైబిలులో పెట్టుకున్నారు. చదవడానికి అందులో ఏమున్నది గనుక?

అందుచేత ఈసారి మూడు ఆదివారములు ముందుగానే మొదలుపెట్టాము. ఒక ఎ3 డ్రాయింగు షీటు తెచ్చి సగానికి మడిచాము. లోపల రెండు పేజీలు వచ్చాయి. ఒక్కొక్కటి 21 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 30 ఎత్తు. అంచులు విడిచి, పేజీకి అడ్డముగా రెండు, నిలువుగా నాలుగు గడులు పెన్సిలుతో సన్నగా గీశాము. మొత్తము పదహారు గడులు, ఒక్కొక్కటి 8 సెంటీమీటర్లకు 6. మన తెలుగుకు పైన గుడులు, క్రింద వత్తులు ఉండాలి గదా, వరుసకు వరుసకు ఒక సెంటీమీటరైనా లేకపోతే అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. ఆ లెక్కన గడికి అయిదు వరుసలు, ఒక సంతకము పడతాయి. అంటే సుమారు ఇరవై మాటలు.

ఇక కార్డును ఎవరి చేతికీ ఇవ్వలేదు. అదే కొలతకు పద్నాలుగు చీటీలు కత్తిరించి పంచాము. పొరపాటు పడినా చీటీ పోతుంది గాని కార్డు పోదు.

చీటీలు తిరిగి వచ్చాక వంటింటి బల్లమీద పరచి చూచుకున్నాము. మాకు నిరాశే కలిగింది. తొమ్మిది చీటీలలో ఒకే వరుస: జన్మదిన శుభాకాంక్షలు, దేవుడు దీవించునుగాక. ముగ్గురు సంఖ్యాకాండము 6:24 వ్రాశారు. ఆరుగురు, పాపము, ఆదరణ మాటలు వ్రాశారు. ఒక్కొక్కటి చదివితే ఎంతో ప్రేమగల మాటే. ఆరూ ఒకచోట చేరేసరికి అది పుట్టినరోజు కార్డు కాదు, సంతాప పత్రమైపోయింది.

మా ఇంటావిడ చూచి, “తప్పు వాళ్లది కాదండి, మీరు ఏదో ఒకటి వ్రాయమన్నారు, వాళ్లు అదే వ్రాశారు” అన్నది. నిజమే. మరల కొత్త చీటీలు ఇచ్చి, ఈసారి ఒకే ప్రశ్న అడిగాము: “అమ్మగారు మీతో అన్న ఒక మాటగాని, మీ యెదుట చేసిన ఒక పనిగాని వ్రాయండి. అది ఏ సంవత్సరమో కూడ వ్రాయండి.” శుభాకాంక్షలు, ఆ వాక్యము ఎవరూ వ్రాయనక్కరలేదని, అందరి తరపున మొదటి గడిలో ఒక్కసారే వ్రాస్తామని చెప్పాము.

రెండవసారి వచ్చిన చీటీలు వేరు. ఫ్లానెల్ బొమ్మ ఊడిపడితే ఆమె దానితోనే కథ మార్చి చెప్పిన సంగతి ఒకరు వ్రాశారు. తన మొదటి తరగతిలో నోట మాట రాక నిలబడితే, వెనుక బెంచీలో కూర్చొని పిల్లవానివలె చెయ్యెత్తి ప్రశ్న అడిగిన సంగతి మరొకరు. సంవత్సరము అడగడము మేలైంది. వాటిని ఆ వరుసలోనే పేర్చాము. కంటికి అలవాటు అడ్డముగా చదవడమే గనుక, వరుసను పైనుండి క్రిందికి గాక ఎడమనుండి కుడికి నడిపాము.

ఒక చిక్కు వచ్చింది. ఇద్దరు ఒకే సంగతి వ్రాశారు. 1996 నవంబరు 6 తుఫానులో సండేస్కూలు పాక లేచిపోయింది. ఆ తరువాతి ఆదివారమే అమ్మగారు తన ఇంటి అరుగు మీద తరగతి పెట్టారు. ఒకరిని మానుకోమనాలా? చదివి చూస్తే, ఒకామె ఆనాడు పిల్లగా అరుగుమీద కూర్చున్నది, రెండవ ఆమె ఆనాడు తోటి టీచరు. ఇద్దరినీ ఒకే వరుసలో ప్రక్కప్రక్కన ఉంచి, అరుగు సంగతి మొదటి ఆమెకు విడిచి, తరగతి అయ్యాక ఏమి జరిగిందో వ్రాయమని రెండవ ఆమెను అడిగాము. ఉన్న బియ్యమంతా జావ కాచి పిల్లలకు పోసిన సంగతి అప్పుడు బయటపడింది. అంతవరకు మాకెవరికీ తెలియదు.

మా చర్చి కాపరి తాతకు వ్రాయడము రాదు. లోగడ కార్డులో ఆయన మాటే లేదని అప్పుడు గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాము. ఆయన చెప్పగా మేము వ్రాసుకున్నాము: “మీ క్లాసు అయ్యేదాకా అయ్యగారు గొడుగట్టుకుని గేటు కాడే ఉండేవోరమ్మా. లోనికి రమ్మంటే, ఆవిడ పాఠం చెడద్దు అనేవోరు.” భాష సరిచేద్దామని కలము ఎత్తి, మరల దించాము. సరిచేస్తే అది మా మాట అవుతుంది. క్రింద ఆయన వ్రేలిముద్ర వేయించాము. భర్తగారి ప్రస్తావన ఈ ఒక్కచోటనే ఉండాలని అందరము ఒప్పుకున్నాము.

దానిని మొదట పెట్టాలని మా ఆశ. మాలో చిన్నదైన టీచరు, “అయ్యగారూ, మొదటే అది చదివితే అమ్మగారికి మిగిలినవి కనబడవండి” అన్నది. తాత మాటకు సంవత్సరము లేదు గనుక, చివరకు జరిపాము. దాని తరువాత, నిరుడు జూనులో చేరిన ఆ పిల్లదే: “వచ్చే ఆదివారం చాక్‌పీసులు మీ వంతేనండి, నేను తేను.”

మూడవ ఆదివారము ఆరాధన అయ్యాక ప్రతి గడిలో పెన్సిలుతో పేరు వ్రాసి, కార్డును బల్లమీదనే ఉంచి ఒక్కొక్కరిని పిలిచాము. ఎవరు ముందు వచ్చినా తన గడి తనకున్నది. అందరికీ ఒకే నీలిరంగు బాల్‌పెన్ను ఇచ్చాము. జెల్‌పెన్ను తడి ఆరకముందే అరచేయి తగిలితే అలుకుపోతుంది, స్కెచ్‌పెన్ను వెనుకకు దిగుతుంది. చేతివ్రాతలు మాత్రము ఎవరివి వారివే. ఒక గడి ఖాళీగా ఉంచాము. అనుకున్నట్టే శనివారము రాత్రి, హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లిన మా పాత టీచరు వాట్సాప్‌లో తన మాట పంపింది.

పుట్టినరోజు సాయంకాలము అమ్మగారి ఇంటికి వెళ్లి ఇచ్చాము. కళ్లజోడు తెచ్చుకొని, మొదటి గడినుండి ఒక్కటీ విడువక చదివారు. తుఫాను వరుస దగ్గర నవ్వారు. తాత గడి దగ్గర చాలసేపు ఆగి, ఆ వ్రేలిముద్రను వ్రేలితో తడిమారు. చాక్‌పీసుల మాట చదివి కన్నులు తుడుచుకుంటూనే, “దీనికి భయం లేదు చూడండి” అన్నారు. తరువాత సంచిలోనుండి పెన్సిలు తీసి మా గడి మీదకు వంగారు. “బాధ్యత” అని వ్రాయవలసిన చోట మేము “భాద్యత” అని వ్రాశాము.

“అయ్యగారూ, వత్తు ముందు అక్షరానికి కాదండి, వెనక దానికి” అని దిద్ది, కార్డు మూసి టీ పెట్టడానికి లేచారు.