పెద్దల కాగితం, కోర్టు కాగితం

విడాకులు అనే మాటలో ఆకు ఉంది, కోర్టు లేదు. మా వాడల్లో ఇద్దరికీ పొసగకపోతే పెద్దలు కూచుంటరు, ఎవరి సొమ్ములు వాళ్లకు ఇప్పిస్తరు, స్టాంపు కాగితం మీద వేలిముద్రలు పడతయి. ఆ తర్వాత ఆడపిల్ల మారుమనువు చేసుకుంటే తప్పు పట్టేటోళ్లు ఉండరు. దీన్ని పై కులాలు లెక్కలేనితనం అన్నయి. చచ్చేదాకా ఒకడినే భరించమనే నీతి కంటే ఇది మేలని నేనంటాను. చిక్కల్లా ఆ కాగితం కోర్టు గడప తొక్కినప్పుడే వస్తది.

మా కాలేజీలో చదివే ఒకమ్మాయి తల్లి మొన్న ఛత్రినాక నుంచి అలాంటి కాగితమే పట్టుకొని వచ్చింది. రెండో భర్త ఇంట్లోంచి పొమ్మన్నడంట. "మొదటి పెండ్లి కోర్టులో తెగలే, నువ్వు నా పెండ్లానివే కాదు" అన్నడంట. "మేడమ్, మాది పెండ్లి అవునా కాదా? తిండికి పైసలు ఇస్తడా? ఏడేండ్ల పిలగాణ్ణి గుంజుకపోతడా?" అని అడిగింది. మూడూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి కాదని జవాబొస్తే మిగతా రెండూ పోయినట్టేనని ఆమె భయం. భర్తకు కావల్సింది ఆ భయమే.

ఆమెకు నేను చెప్పింది చాంద్రాయణగుట్ట రిజిస్ట్రార్ దగ్గర నమోదైన ఒక పెండ్లి కథ. ఆ కేసులో ఆమెకు 1999లో మొదటి పెండ్లయింది, ఒక కొడుకు. 2005 నవంబరులో భార్యాభర్తలు ఒప్పందం రాసుకొని విడిపోయారు. కోర్టు డిక్రీ లేదు. రెండు రోజులకే ఆమె పొరుగతన్ని చేసుకుంది. మొదటి పెండ్లి బతికే ఉందని ఆయనే హైదరాబాద్ కుటుంబ న్యాయస్థానానికి పోయి, 2006 ఫిబ్రవరి 1న ఆ పెండ్లి చెల్లదనిపించుకున్నాడు. రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ ఆమెనే చేసుకున్నాడు! 2008లో బిడ్డ పుట్టింది. తర్వాత గొడవలు. కుటుంబ న్యాయస్థానం నెలకు ఆమెకు 3,500, బిడ్డకు 5,000 రూపాయలు ఇమ్మంది. 2017లో హైకోర్టు బిడ్డ భరణం ఉంచి, ఆమెది కొట్టేసింది. డిక్రీ లేదు కాబట్టి చట్టప్రకారం భార్య కాదంది.

2025 జనవరి 30న సుప్రీంకోర్టులో జస్టిస్ నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ఆమె భరణాన్ని తిరిగి ఇచ్చారు. రెండు సంగతులు చూశారు. మొదటి పెండ్లి గురించి ఆమె దాచలేదు, అన్నీ తెలిసే ఆయన రెండుసార్లు చేసుకున్నాడు. రెండోది, ఆ ఒప్పందం డిక్రీ కాకున్నా, మొదటి భర్తతో ఆమె నిజంగానే విడిపోయిందని, అతని నుంచి ఆమెకు ఏమీ రావట్లేదని చూపిస్తది.

అంటే ఛత్రినాక అక్క పెద్దల కాగితాన్ని పారెయ్యొద్దు. కానీ అది ఒక్కటే చాలదు. భర్తకు ముందే తెలుసని చూపాలి, మారుమనువు మాట్లాడిన పెద్దలు సాక్ష్యం చెప్పాలి. దాచి చేసుకున్నట్టు తేలితే ఈ తీర్పు ఆమెను కాపాడకపోవచ్చు.

ఈ తీర్పు భరణం వరకే. పెండ్లిని చెల్లేదిగా మార్చదు. దానికి హిందూ వివాహ చట్టంలో 29(2) ఉంది. కులాచారం ప్రకారం తెగిన పెండ్లిని అది ఒప్పుకుంటది. అయితే ఆ ఆచారం తమ కులంలో పాతకాలం నుంచి నడుస్తోందని ఆమే రుజువు చెయ్యాలి. "మా దగ్గర ఇట్లనే చేస్తరు" అంటే సరిపోదు. ఫలానా ఇంట్లో ఫలానా ఏడు ఇట్లనే తెగింది, ఆ తర్వాత పెండ్లయింది అని చెప్పేటోళ్లు కావాలె. మన చర్చిలో పెండ్లయినవాళ్లకు ఈ దారి కూడా లేదు, క్రైస్తవుల విడాకుల చట్టంలో ఆచారానికి చోటు లేదు.

నా లెక్కలో ఆమె ముందు భరణానికే పోవాలి. పాత 125, ఇప్పుడు కొత్త సంహితలో 144వ సెక్షన్. పెండ్లి చెల్లుబాటు కేసు ముందు పెట్టుకుంటే ఆచారం రుజువు చేయడానికే ఏండ్లు పడతయి, ఇంట్లో పొయ్యి అన్నేండ్లు ఆగదు. భర్త తనే పెండ్లి చెల్లదని కేసు వేసినా భయపడే పని లేదు. చెల్లని పెండ్లి రద్దయినా శాశ్వత భరణం అడగొచ్చని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఇవ్వాలా వద్దా అన్నది ఆ కేసు సంగతులు చూసి జడ్జి నిర్ణయిస్తరు.

ఇక పిలగాడు. పెండ్లి చెల్లకపోయినా 16వ సెక్షన్ కింద వాడు సక్రమ సంతానమే, వాడి భరణానికి ఢోకా లేదు. అయిదేండ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరుండాలంటది చట్టం. వీడికి ఏడు, ఆ మాట అక్కరకు రాదు. అప్పుడు జడ్జి చూసేది బిడ్డ మేలు. ఇప్పటిదాకా ఎవరు సాకారు, బడి ఎక్కడ, వాడు ఎవరి దగ్గర నిమ్మళంగా ఉన్నాడు. ఫీజు రసీదులు, టీకాల కార్డు, దవాఖాన చీటీలు దాచిపెట్టమన్నాను. తండ్రికి ఎక్కువ జీతం వస్తదన్నది ఒక్కటే బిడ్డను తీసుకుపోడానికి కారణం కాదు. అట్లని తండ్రిని చూడనియ్యనంటే ఆమెకే చెడ్డపేరు.

పురానీ హవేలీలో కుటుంబ న్యాయస్థానానికి పోయే ముందు ఇంకొకటి చెప్పాను. ఆర్డరు వచ్చినా డబ్బులు వాటంతట అవి రావు. ఒక నెల బాకీ పడితే ఏడాదిలోపే వారంటుకు దరఖాస్తు పెట్టాలి. ఏడాది దాటితే ఆ నెల పైసలకు వారంటు దారి మూసుకుపోతది. ఆమె సంచిలోంచి కూతురి పాత నోటుబుక్కు తీసి, ఆఖరి పేజీలో నెలల పేర్లు వరసగా రాయించుకుంది.