పిలుపు వేసే పీట

రష్యన్ నవల తెలుగులో చదవడం మొదలుపెట్టిన వాళ్లకు మొదటి యాభై పేజీల్లోనే ఒక అనుమానం వస్తుంది: ఈ ఇంట్లో ఇంతమంది ఆడపిల్లలేమిటి? యెకతెరీనా ఒకతి, కాత్యా ఇంకొకతి, కత్యూషా మూడోది అనుకుంటూ పోతాం. కాసేపటికి ముగ్గురూ ఒక్క పిల్లేనని తెలుస్తుంది. అందుకే కొన్ని పుస్తకాల్లో ముందుగా పాత్రల పట్టిక వేసి, ఒక్కొక్కరికీ ఎన్ని పేర్లున్నాయో చెబుతారు. ఆ పట్టిక మంచిదే. కానీ ఏ పేరుతో ఎవరు పిలుస్తారు, ఆ పేరుతో పిలిస్తే మనిషి ఎక్కడ కూర్చున్నట్టు అన్నది అందులో ఉండదు. ముద్దుపేర్లను అనువదించడంలో ఉన్న కష్టమంతా అక్కడే ఉంది.

టాల్‌స్టాయ్ 1899లో వెలువరించిన ‘పునరుత్థానం’ నవలలో ఈ సంగతి తానే విప్పి చెప్పాడు. పెళ్లికాని ఇద్దరు అక్కచెల్లెళ్ల ఎస్టేటులో పశువులు చూసే ఒక ముసలమ్మ ఉంటుంది. ఆమె కూతురికి మొగుడు లేడు, ఏటా ఒక బిడ్డ పుడుతూ ఉంటుంది, చూసేవాళ్లు లేక బిడ్డలు పోతూ ఉంటారు. అలా ఐదుగురు పోయారు. ఆరో బిడ్డ మాత్రం పశువుల పాకలో యజమానురాలి కంటపడి బతికింది. మూడేళ్లకు తల్లి పోతే పిల్లను పెద్దింట్లోకి తెచ్చుకున్నారు. చెల్లెలు సోఫియా ఇవానొవ్నా మెత్తని మనిషి. పిల్లకు మంచి బట్టలు తొడిగి, చదువు చెప్పి, ఇంటిపిల్లలా పెంచుదామనుకుంది. అక్క మరియా ఇవానొవ్నా కఠినురాలు. మంచి పనిమనిషిగా తయారుచేయాలంది. ఆ రెండు చేతుల మధ్య పిల్ల సగం దాసీగా, సగం పెంపుడుబిడ్డగా పెరిగింది. అందుకే పేరు కూడా నడిమి పేరే పెట్టారంటాడు రచయిత. దాసీదానికైతే ‘కాత్కా’ అనేవారు, గారాల బిడ్డకైతే ‘కాత్యెంకా’ అనేవారు. ఈమెను ‘కత్యూషా’ అన్నారు.

అసలు పేరు ఒక్కటే. చివర తగిలించిన తోక మారింది, అంతే. ఆ తోకను బట్టి ఆ పిల్ల అన్నం ఎక్కడ తింటుందో, చిరాకొస్తే ఎవరు ఎంత గట్టిగా కసురుతారో రష్యన్ పాఠకుడికి తెలిసిపోతుంది. తెలుగులో ‘కత్యూషా’ అని అచ్చేస్తే మనకు వినబడేది వినసొంపైన పరాయి పేరు. మహా అయితే 1938లో ఇసకోవ్‌స్కీ రాయగా బ్లాంతెర్ బాణీ కట్టిన పాటో, రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పేరు పొందిన రాకెట్లో గుర్తుకొస్తాయి.

అయితే ఈ మెట్లు మనకు తెలియనివి కావు. సుబ్బలక్ష్మి అనే పేరునే తీసుకోండి. పాత ఊళ్లలో పెద్దింటి అరుగు మీంచి ‘సుబ్బీ, చెంబులు తోమావా?’ అని వినిపిస్తే సుబ్బి ఎవరో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ‘సుబ్బులూ, జడ వేస్తాను రా’ అంటే ఇంటిపిల్ల. ‘సుబ్బలక్ష్మమ్మగారు లేరా?’ అంటే ఆ ఇంటి ఇల్లాలు. కాత్కా, కాత్యెంకా, యెకతెరీనా ఇవానొవ్నా లాంటి నిచ్చెన మనకూ ఉంది. లేనిదల్లా ఆ నడిమి మెట్టు. సుబ్బికీ సుబ్బులుకూ మధ్య, ఇటు పనిపిల్లా కాక అటు ఇంటిపిల్లా కాక మిగిలిపోయే పేరు కోసం నేను చాలా వెతికాను. వాడుకలో దొరకలేదు. దొరికినా పెట్టడానికి లేదు. ఆ అక్కచెల్లెళ్లుండే పానొవొ గ్రామంలో మంచు కరిగే రాత్రి నవలా నాయకుడు నెహ్ల్యూదొవ్ కిటికీ దగ్గరికొచ్చి ‘సుబ్బులూ’ అని పిలిస్తే ఆ ఊరు రష్యాలో ఉండదు, కోనసీమకొచ్చి పడుతుంది. పేరును అనువదిస్తే దేశం పోతుంది, అనువదించకపోతే మెట్టు పోతుంది.

ఆ ‘-కా’ తోకకు పెద్ద చరిత్రే ఉంది. దాని మొదటి అర్థం ‘చిన్న’ అనే. పిల్లవాణ్ణి చిన్నచేసి పిలవడం ముద్దు. పెద్దవాడు తనను తానే చిన్నచేసుకోవడం అణకువ. పాత మాస్కో రాజ్యంలో జార్ చక్రవర్తికి విన్నపం రాసుకునేవాడు గొప్ప ప్రభువైనా సరే, ఇవాన్ అని సంతకం పెట్టకూడదు, ‘ఇవాష్కా’ అని పెట్టాలి. పీటర్ చక్రవర్తి 1701 చివర్లో ఈ పద్ధతిని మానిపించి, అందరూ నిండుపేరు రాయాలని ఆజ్ఞాపించాడు. ప్రభువులు బయటపడ్డారు. ఇళ్లలో, పొలాల్లో పనిచేసేవాళ్లకు మాత్రం ఆ తోక అలాగే ఉండిపోయింది. 1861లో వెట్టి రైతులకు విముక్తి వచ్చాక కూడా యజమానుల నోట వాంకా వాంకాగానే ఉన్నాడు.

చేహొవ్ 1886లో రాసిన ‘వాంకా’ కథను దీని పక్కన పెట్టుకుని చదవాలి. తొమ్మిదేళ్ల పిల్లవాడు చెప్పులు కుట్టే యజమాని దగ్గర పని నేర్చుకుంటూ, దెబ్బలు తింటూ, క్రిస్మస్ ముందురోజు రాత్రి తాతకు దొంగచాటుగా ఉత్తరం రాస్తాడు. కథ పేరు వాంకా, కథకుడు అనేదీ వాంకా అనే. ఉత్తరం చివర ఆ పిల్లవాడు పెట్టిన సంతకం మాత్రం ఇవాన్ జూకొవ్. కాగితం మీద తనకు నిండుపేరు ఉందని వాడికి తెలుసు. తెలుగులో పాఠకుడు వాంకా వేరు, ఇవాన్ వేరు అనుకుంటే, లేదా అనువాదకుడు గందరగోళం ఎందుకని రెండుచోట్లా ఒకే పేరు వేస్తే, ఆ సంతకంలో ఉన్న పెద్దరికం పోయినట్టే.

ఈ ‘-కా’ మాత్రం మన ‘గాడు’కు చాలా దగ్గర చుట్టం. ‘మా సుబ్బిగాడు ఇంకా అన్నం తినలేదు’ అని తల్లి అంటే అందులో ఉన్నదంతా ప్రేమే. ‘ఆ సుబ్బిగాణ్ణి రమ్మను’ అని మోతుబరి అంటే వాడు చెప్పులు బయట విడిచి రావాలి. తోక అదే, అర్థం మాత్రం పలికిన నోటిని బట్టి వస్తుంది. రష్యాలోనూ ఈడువాళ్ల మధ్య, తల్లిబిడ్డల మధ్య వాంకా అంటే తప్పు లేదు. కాబట్టి నిఘంటువులో ‘-కా: తక్కువచేసే ప్రత్యయం’ అని చూసి ప్రతిచోటా తిట్టుగా మార్చకూడదు, ‘ముద్దు ప్రత్యయం’ అని చూసి ప్రతిచోటా బుజ్జగింపుగానూ మార్చకూడదు. ఎవరు ఎవరితో అంటున్నారో ముందు చూసుకోవాలి.

తోకలే కథను నడిపిన చోటు ఇంకొకటుంది. ‘పునరుత్థానం’ వచ్చిన 1899లోనే చేహొవ్ ‘దుషెచ్కా’ అనే కథ వేశాడు. ఓల్గా సెమ్యొనొవ్నా అనే ఆమె ఎవరినో ఒకరిని ప్రేమించకుండా బతకలేదు. మొదటి భర్త నాటకశాల నడిపే ఇవాన్. ‘నేనూ వానిచ్కా’ అంటూ నాటకాల గురించి మాట్లాడుతుంది. అతను పోయాక కలప వ్యాపారం చూసే వసీలీని చేసుకుంటుంది. ఇప్పుడు ‘నేనూ వాసిచ్కా’ అంటూ దూలాల ధరలు చెబుతుంది. అతనూ పోయాక పశువైద్యుడు వ్లదీమిర్ దగ్గరవుతాడు. ‘వొలోదిచ్కా’ అని పిలుస్తూ, వచ్చినవాళ్ల ముందు పశువుల జబ్బుల గురించి మాట్లాడి అతన్ని ఇబ్బంది పెడుతుంది. మనుషులు మారారు, అభిప్రాయాలు మారాయి, ‘-ఇచ్కా’ మారలేదు. ఆమెది అనదగ్గది ఆ తోక ఒక్కటే. ఇక్కడ సౌలభ్యం కోసం ఇవాన్, వసీలీ, వ్లదీమిర్ అని రాసే అనువాదకుడు కథకు వెన్నెముక తీసేసినట్టే. వానిచ్కా, వాసిచ్కా, వొలోదిచ్కా అని ఉంచేస్తే రష్యన్ రాని పాఠకుడి చెవికి కూడా ఆ ప్రాస అందుతుంది. వివరణ అక్కర్లేని అరుదైన చోటు ఇది.

కథ పేరుతోనే చిక్కు. ‘దుషా’ అంటే ఆత్మ, ప్రాణం. దానికి చిన్నతనం తగిలిస్తే దుషెచ్కా. పేరంటాళ్లు మాటల మధ్యలో ఉండబట్టలేక ఓల్గా చెయ్యి పట్టుకుని అనే మాట ఇది. ‘చిన్న ఆత్మ’ అంటే దయ్యాల కథ అనుకుంటారు. ‘ప్రియతమా’ అంటే సినిమా పాటవుతుంది. మన ఆడవాళ్లు ఆ సందర్భంలో ఏమంటారు? చెయ్యి పట్టుకుని, ‘నా తల్లే! ఎంత మంచిదానివే!’ అంటారు. కథ లోపల నేనైతే అదే వాడతాను, వెనకాడను. శీర్షికకు మాత్రం ఒప్పుకోను. ఓల్గాకు పిల్లలు లేరు, కథ చివరికి పరాయి పిల్లవాడి మీద తల్లిప్రేమ పెంచుకుంటుంది. ‘తల్లి’ అని పైనే రాస్తే, చేహొవ్ చివరిదాకా దాచుకున్నది మొదటి అక్షరంలోనే చెప్పేసినట్టవుతుంది.

ఇక్కడ రెండు భాషల తేడా తేటగా కనిపిస్తుంది. రష్యన్‌లో ముద్దు చేయాలంటే చిన్నచేస్తారు, ప్రాణాన్నైనా పావురాన్నైనా తండ్రినైనా. మనకూ చిన్ని, చిట్టి, బుజ్జి ఉన్నాయి గానీ, మనసు బాగా కరిగినప్పుడు మనం మనిషిని పెద్దచేస్తాం. నాలుగేళ్ల కొడుకును ‘నాన్నా’ అంటాం, పాలుతాగే కూతుర్ని ‘అమ్మా’, ‘తల్లీ’ అంటాం. దీనికి ఒక కారణం ఇళ్లలోనే ఉంది. బిడ్డకు తాత పేరో నాయనమ్మ పేరో పెడతారు. కోడలు మామగారి పేరు నోటితో అనకూడదు. తన కన్నబిడ్డను ఆ పేరుతో ఎలా పిలుస్తుంది, ఎలా కసురుతుంది? అందుకే అబ్బులు, చంటి, పెదబాబు, చినబాబు లాంటి పేర్లు పుట్టాయి. ‘నాన్నా’ అన్న పిలుపుకు అక్కడ ఇంకాస్త బలం దొరికింది. అరబ్బీలో దీని తోబుట్టువు ఉంది: అక్కడ తల్లి బిడ్డను ‘మామా’ అనే పిలుస్తుంది, అంటే అమ్మా అని. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి వచ్చిన మన కడప, గోదావరి ఆడవాళ్లకు ఆ పిలుపు వింతగా అనిపించి ఉండదు.

రష్యన్‌లోకి వెళ్లే తెలుగు కథలో ఒక తల్లి, భర్త పక్కనే కూర్చుని ఉండగా, కొడుకుతో ‘ఇంకొక్క ముద్ద, నాన్నా’ అందనుకుందాం. ‘పాపా’ అని అక్షరాలా రాస్తే రష్యన్ పాఠకుడు భర్త వైపు చూస్తాడు. ‘సినోక్’, అంటే చిన్ని కొడుకు, అని రాస్తే వాక్యం సాఫీగా సాగుతుంది, ముద్దు కూడా దక్కుతుంది. కానీ ఆ పిల్లవాడు మామగారి పేరు మోస్తున్నాడని, ఆ తల్లి ఆ పేరు ఎన్నడూ పలకలేదని, తరవాత పేజీలో మామగారు పోయాక మొదటిసారి కొడుకును అసలు పేరుతో పిలిచిందని కథ చెబితే, ‘సినోక్’ అని రాసుకున్న అనువాదకుడు వెనక్కి తిరిగి మొదటి పేజీ నుంచీ దిద్దుకుంటూ రావాలి.