ఛోటే తన్ఖా హిసాబ్

"భాయీజాన్, పన్నెండు లక్షలు దాటానంట, రిబేటు పోయిందంట. పాత పద్ధతిలోనే ఉంటా" అని ఛోటే ఫోన్ చేశాడు. ఆఫీసులో అదే రాసిచ్చాడట. 2025-26లో వాడి తన్ఖా 13 లక్షలు. కాగితం తీసుకుని హిసాబ్ వేశా.

పాత పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, పీఎఫ్ లక్షన్నర, కిరాయికి హెచ్‌ఆర్‌ఏ లక్షన్నర, అబ్బా అమ్మీల హెల్త్ పాలసీ 50 వేలు. సూద్ వద్దని హోమ్ లోన్ తీసుకోలేదు గనక ఆ మినహాయింపు లేదు. ఈ నాలుగు లక్షలు తీసేస్తే 9 లక్షలు మిగులుతాయి. దానిపై పన్ను 92,500, ఆ పన్ను మీద 4 శాతం సెస్ 3,700. మొత్తం 96,200.

కొత్తదాంట్లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా 12.25 లక్షలు. స్లాబుల లెక్కన పన్ను 63,750. ఛోటే ఖౌఫ్ ఇదే. కానీ ఆదాయం 12 లక్షలు కొంచెమే దాటినవాళ్లకు, దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకూడదు. దీన్నే మార్జినల్ రిలీఫ్ అంటారు. వీడు దాటింది 25 వేలు, కాబట్టి పన్నూ 25 వేలే. సెస్ వెయ్యి. మొత్తం 26,000.

"70,200 ఫరఖ్ రా! ఆఫీసులో ఏది రాసిచ్చినా, రిటర్న్ వేసేటప్పుడు కొత్తది ఎంచుకో. ఎక్కువ కోసింది రీఫండ్ వస్తుంది."

"అయితే అబ్బా పాలసీ ఆపేయనా? కొత్తదాంట్లో దానికి ఫాయిదా లేదుగా."

"అది టాక్స్ కోసం తీసుకున్నామా, అబ్బా కోసమా?"

కాసేపు మాట్లాడలేదు. "కడతాలే భాయీజాన్" అన్నాడు.