ఎన్ని రోజులు? ఎప్పుడొస్తావు?



2025 నవంబరులో నేను తమ్ముడి పెళ్ళికి జర్మనీ వెళ్ళొచ్చిన సంగతి మీకు తెలుసు. వెళ్ళడానికి నేను రాసిన మొదటి సెలవు చీటీని మన సంఘ కమిటీ తిప్పి పంపిన సంగతి మాత్రం మీలో చాలామందికి తెలియదు. ఆ తప్పు నాదే. రేపు మీలో ఎవరైనా బయటి దేశంలో ఉన్న తమ్ముడి పెళ్ళికో చెల్లెలి పెళ్ళికో సెలవు అడగాల్సి రావచ్చు. అందుకే రాస్తున్నాను.

జర్మనీలో చట్టం ముందు చెల్లేది ప్రభుత్వ రిజిస్ట్రారు ఎదుట జరిగే పెళ్ళే. చర్చిలో ఆరాధన దాని తరువాతి మాట. ఆ కార్యాలయం తమ్ముడికి నవంబరు 7, శుక్రవారం ఇచ్చింది. మరునాడు చర్చిలో. ఆ తేదీ ఖాయమై మాకు తెలిసేసరికి సెప్టెంబరు వచ్చేసింది. హైదరాబాదులో వీసా దరఖాస్తు కేంద్రానికి వెళ్ళి వేలిముద్రలు, పాస్‌పోర్టు ఇచ్చింది అక్టోబరు 6న.

ఐరోపా దేశాల షెంగెన్ వీసాకు మామూలుగా పదిహేను రోజుల్లో నిర్ణయం చెబుతారు. ఇంకా పరిశీలించాలనుకుంటే నలభై అయిదు రోజుల దాకా పట్టవచ్చు. లెక్క వేసుకుంటే పదిహేనో రోజు అక్టోబరు 21, నలభై అయిదో రోజు నవంబరు 20. పెళ్ళి ఈ రెండింటి మధ్యలో ఉంది. వీసా పెళ్ళికి ముందే రావచ్చు, పెళ్ళయ్యాక రావచ్చు, అసలు రాకపోవచ్చు.

పైగా ఇందులో ఒక ముడి ఉంది. వీసా దరఖాస్తుతో పాటు పనిచేసే చోటి నుంచి సెలవు మంజూరు పత్రం ఇవ్వాలి. ఈ మనిషి మళ్ళీ తన పనికి తిరిగొస్తాడా అని వాళ్ళు చూసేది అందులోనే. అంటే సెలవు తేదీలు లేకుండా వీసా అడగలేం. వీసా రాకుండా సెలవు తేదీలు చెప్పలేం.

నేను ఆ ముడి విప్పకుండానే చీటీ రాశాను. "నవంబరులో పది పన్నెండు రోజులు సెలవు కావాలి, వీసా వచ్చాక తేదీలు తెలియజేస్తాను" అని. అది చదివి ఒక పెద్దాయన లేచి అడిగాడు. "అయ్యగారూ, మీ తమ్ముడి పెళ్ళికి మీరు పోవాల్సిందే, కాదనం. పదమూడో తేదీ మా మనవరాలి పెళ్ళి ఉందే. దాన్నెవరు చేస్తారు? వీసా వచ్చాక చెబుతామంటే మేమెట్టా కార్డులు కొట్టించేది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నెహెమ్యా గ్రంథం తీశాను. రాజు గిన్నె అందించే ఉద్యోగి ఆయన. యెరూషలేముకు వెళ్ళాలని సెలవు అడిగితే అర్తహషస్త రాజు కారణం గురించి వాదించలేదు. ప్రయాణం ఎన్నాళ్ళు, తిరిగి ఎప్పుడు వస్తావు అనే అడిగాడు. నెహెమ్యా కాలం నిర్ణయించి చెప్పాడు. ఆ తరువాతే దారిలో ఉన్న అధికారులకు పత్రాలు అడిగాడు. ఈ రోజుల్లో అదే వీసా. నేనేమో పత్రం వచ్చాక కాలం చెబుతానన్నాను.

రెండో చీటీ వేరేగా రాశాను. మొదట, నా చేతిలో ఉన్నదీ లేనిదీ విడదీశాను. బయలుదేరే రోజు నా చేతిలో లేదు. ఎన్ని రోజులన్నది నా చేతిలో ఉంది. పది రోజులు, అంతకు మించి ఒక్కరోజు కూడా కాదని రాశాను.

తరువాత క్యాలెండరు ముందు పెట్టుకున్నాను. నవంబరు 2 మొదటి ఆదివారం, ప్రభు భోజనం. అది విడిచి వెళ్ళను. వీసా వేళకు వస్తే 3న బయలుదేరి 12న ఇంట్లో ఉంటాను. ఆలస్యమైతే 5న బయలుదేరి 14న వస్తాను. ఎలా చూసినా పది రోజులే, ఎలా చూసినా తప్పిపోయే ఆదివారం 9 ఒక్కటే. కాబట్టి నా బదులు ప్రసంగించే అయ్యగారిని ఇప్పుడే పిలుచుకోవచ్చు, నా తేదీ మారినా ఆయన తేదీ మారదు. ఇక 4వ తేదీ సాయంత్రానికి పాస్‌పోర్టు చేతికి రాకపోతే సెలవు రద్దు, 9న నేనే పుల్పిట్‌లో ఉంటాను. ఆ సాయంత్రానికి ఏ కబురూ తెలియకపోతే రాలేదనే లెక్క.

వీసా ఫారంలో చేరే రోజు 4 అనీ, తిరుగు ప్రయాణం 13 అనీ వేశాను. రెండు ప్రయాణాలూ అందులో ఇముడుతాయి. పై కార్యాలయం ఇచ్చిన పత్రంలోనూ "నవంబరు 3 నుంచి 14 లోపు పది రోజులు, 15న విధుల్లో ఉంటారు" అని ఉన్నదున్నట్టు రాయించాను. టికెట్టు మాత్రం రిజర్వేషను చూపించానే గాని, వీసా చేతికొచ్చేదాకా కొనలేదు.

మిగిలింది పదమూడో తేదీ పెళ్ళి. నేను 12న వస్తే చేయగలను, 14న వస్తే చేయలేను. దానికి సంఘ పెద్ద ఎవరో ఒకరు సరిపోరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం ఉన్న సేవకుడే ఆ పెళ్ళి జరిపించి రిజిస్టరులో రాయాలి. పొరుగూరి రిటైర్డ్ అయ్యగారికి ఆ అధికారం ఉంది. 9వ తేదీతో పాటు 13నూ ఆయన ఒప్పుకున్నారు. పెద్దాయన ఇంటికెళ్ళి ఉన్నమాట చెప్పాను. "పెళ్ళి ఆగదు. చేసేది నేనా ఆయనా అన్నదే ఇంకా తేలలేదు." ఆయన కాసేపు ఊరుకుని, "అట్టయితే కార్డులు కొట్టిస్తా" అన్నాడు. చీటీ మంజూరైంది.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇక్కడ మనకూ ఎలాంటి వానలు పడ్డాయో మీకు చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టు నవంబరు 3 మధ్యాహ్నం కొరియరులో వచ్చింది. మొదటి ప్రయాణం పోయింది, రెండోది మిగిలింది. స్టిక్కరు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నవి చూశాక, ఎన్ని రోజులు ఉండవచ్చన్న గడి వేరుగా చూశాను. తేదీల మధ్య వ్యవధి ఎక్కువున్నా ఉండనిచ్చేది ఆ గడిలోని రోజులే. దిగిన రోజూ, తిరిగి బయలుదేరిన రోజూ రెండూ లెక్కే. 6న దిగి 13న బయలుదేరితే ఎనిమిది. నాకు పది ఇచ్చారు, చాలు. ఆ సాయంత్రమే సంఘ కార్యదర్శికి ఒక్క మాట పంపాను: "రెండోది." ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది.

తమ్ముడి పెళ్ళి చూశాను. మా నాన్న లేని చోట నిలబడి వాళ్ళిద్దరికీ ప్రార్థన చేశాను. 13న నేను విమానం కోసం కూర్చున్న వేళకు ఇక్కడ ఆ పిల్ల పెళ్ళి అయిపోయింది. పదేళ్ళుగా సండే స్కూలులో నేను చూస్తూ వచ్చిన పిల్ల. 15న వాళ్ళింటికి వెళ్ళాను. "మీరుంటే బాగుండేది అయ్యగారూ" అంది, "కానీ ముందే చెప్పారుగా."

చీటీ ఎంత చక్కగా రాసినా ఆ మొదటి మాటను తీసేయలేదు. రెండో మాట మాత్రం, మొదటి చీటీతోనే వెళ్ళుంటే, నాకు దక్కేది కాదు.

మీ కాపరి