ఒకటో తారీఖు డబ్బులు

యారాడలో ఉండే మా అమ్మమ్మకి ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం నుంచి మనిషొచ్చి, వేలిముద్ర వేయించుకుని నాలుగు వేలు చేతిలో పెట్టి వెళ్తాడు. ఓసారి ఆ నోట్లు లెక్కపెడుతూ అడిగింది: "ఏట్రా, ఇన్నాళ్ళూ ఈ డబ్బులు మా పేరున ఎక్కడ దాసుంచేరు?"

ఎక్కడా దాచలేదు. పీఎఫ్‌లో అయితే మన జీతంలోంచి కోసిన డబ్బు మన ఖాతాలోనే ఉంటుంది. ఎన్టీఆర్ భరోసా అలాంటిది కాదు. ఈ నెల ఎవరో కట్టిన పన్నే ఈ నెల అమ్మమ్మ పెన్షన్. వచ్చింది వచ్చినట్టే పోతుంది. ఇలాంటి ఏర్పాటు నిలబడేది నిధి మీద కాదు, ఇచ్చేవాళ్ళెందరు, పుచ్చుకునేవాళ్ళెందరు అన్న నిష్పత్తి మీద.

లెక్క చాలా చిన్నది. ఒక వీధే ప్రభుత్వం అనుకుందాం. సంపాదించేవాళ్ళు పదిమంది, పెద్దవాళ్ళు ఒక్కరు. నాలుగు వేల పెన్షన్‌కి తలా 400 వేస్తే సరిపోతుంది. కొన్నేళ్ళకి పెద్దవాళ్ళు ముగ్గురయ్యారు. కుర్రాళ్ళు ఇద్దరు ఊరొదిలి వెళ్ళారు. ఇప్పుడు కావలసింది 12,000, ఇచ్చేవాళ్ళు ఎనిమిది మంది. తలా 1,500. పెన్షన్ ఒక్క రూపాయి పెరగలేదు, ఎవరూ డబ్బు తినెయ్యలేదు, అయినా భారం దాదాపు నాలుగింతలైంది. భాగహారంలో పైన ఉన్న అంకె పెరుగుతూ, అదే సమయంలో కింది అంకె తగ్గుతుంది కాబట్టి. పనిచేసే వయసులో ఉన్న ప్రతి వందమందికీ ఎందరు వృద్ధులు అని చెప్పేదే వృద్ధుల ఆధారిత నిష్పత్తి. మన వీధిలో అది 10 నుంచి 37 దాటింది.

ఆ వెళ్ళిపోయిన ఇద్దరి సంగతి కాస్త విడిగా చూడాలి. మా కజిన్స్‌లో సగం మంది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నారు. జీఎస్టీలో రాష్ట్ర వాటా సరుకు ఎక్కడ వాడితే ఆ రాష్ట్రానికి వెళ్తుంది. అంటే వాళ్ళు హైదరాబాదులో తినే బిర్యానీ మీద ఆ వాటా తెలంగాణకి. ఇంటికి పంపిన డబ్బుతో ఇక్కడ సిమెంటు కొంటే ఆ వాటా ఆంధ్రకి. పిల్లలు వెళ్ళిపోయి పెద్దవాళ్ళు మిగిలిన రాష్ట్రానికి నిష్పత్తి జననాలు తగ్గడం వల్లే కాదు, రైలెక్కడం వల్ల కూడా మారుతుంది.

నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా మన రాష్ట్రంలో ఖర్చు పెరగడానికి ముసలితనం ఒక్కటే కారణం కాదు. 2014లో వెయ్యి అయిన పెన్షన్ 2024కి నాలుగు వేలైంది. అర్హత వయసు 2019లో 65 నుంచి 60కి దిగింది. ఇవి ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాలు. వెనక్కి తీసుకోవడం రాజకీయంగా కష్టమే గానీ అసాధ్యం కాదు. వయసు అలా కాదు. ఆంధ్రలో 60 దాటినవాళ్ళు 2021లో జనాభాలో 12.4 శాతమని, 2031కి 16 శాతం దాటతారని అధికారిక అంచనా. వాళ్ళంతా ఇప్పటికే పుట్టి, మన మధ్యే తిరుగుతున్నవాళ్ళు.

అర్హత వయసు మీట చాలా బలమైంది. మన వీధిలో దాన్ని మళ్ళీ 65 చేస్తే ముగ్గురిలో ఒకావిడ జాబితాలోంచి తప్పుకుంటుందనుకుందాం. ఆవిడ సంపాదిస్తూ పన్ను కూడా కడితే 8,000 ని తొమ్మిది మంది పంచుకుంటారు. తలకి 890 కూడా పడదు. ఒకే మనిషి పై అంకెలోంచి కింది అంకెలోకి దిగింది మరి. 2022లో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్‌ని 60 నుంచి 62కి పెంచినప్పుడు పనిచేసిందీ ఈ లెక్కే, రెండేళ్ళ పాటు.

కానీ కాగితం మీద లెక్క వేరు, యారాడ ఒడ్డు వేరు. ఆఫీసులో కూర్చునే అరవై ఏళ్ళ మనిషీ, నలభై ఏళ్ళు వల లాగిన అరవై ఏళ్ళ మనిషీ ఒకటి కాదు. మత్స్యకారులకి యాభైకే పెన్షన్ ఇస్తున్నది అందుకే. అది తీసేయమనే ధైర్యం నాకు లేదు, న్యాయమనీ అనుకోను. పైగా ఈ నిష్పత్తి వయసుని చూస్తుంది గానీ పనిని చూడదు. డెబ్బై దాటినా అమ్మమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. లెక్కలో ఆమె వృద్ధురాలు. డిగ్రీ అయి రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న మా పక్కింటి కుర్రాడు మాత్రం సంపాదనపరుడి గడిలో ఉంటాడు. వాడికి ఉద్యోగం దొరికితే, వయసు నిష్పత్తి మారకుండానే నిజమైన భారం తగ్గుతుంది. ఇంట్లో ఉండిపోయిన చదువుకున్న ఆడవాళ్ళ విషయంలోనూ అంతే.

ప్రభుత్వం మాత్రం ఇంకో వైపు చూస్తోంది. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదన్న నిబంధనని 2024లో ఎత్తేశారు. ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనమంటున్నారు. ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి ఆ కంగారు అర్థమవుతుంది. అయితే ఈ ఏడాది పుట్టిన పాప పన్ను కట్టడానికి ఇరవై ఏళ్ళు పైనే పడుతుంది. అప్పటిదాకా పాలు, బడి, టీకాలు కూడా ఆ ఎనిమిది మంది మీదే.