పిల్లాడి బరువు, మలేరియా గోలీ

కోదాడలో పిల్లల ఆసుపత్రి నర్సుగా నేను మొదట నేర్చుకున్నది సూది వేయడం కాదు, కాటా వేయడం. మా సీనియర్ సిస్టర్ నేర్పింది. మలేరియా గోలీకి వయసు అడగొద్దని, బరువు చూడమని రోజూ చెప్పేది. మొన్న మిర్చి సీజన్‌లో ఆ మాట మళ్లీ పనికొచ్చింది.

చర్ల వైపు నుంచి మిర్చి ఏరడానికి వచ్చిన కుటుంబం. పిల్లాడికి నాలుగేళ్లు. కిట్ పరీక్షలో ఫాల్సిపారం తేలింది. డాక్టరు గారు ఆర్టిమెథర్, ల్యుమిఫాంట్రిన్ కలిసిన గోలీ రాశారు. పిల్లల గోలీలో మొదటిది 20 మిల్లీగ్రాములు, రెండోది 120 ఉంటాయి. 5 కిలోల నుంచి 15 లోపు పిల్లలకు పూటకు ఒకటి, 15 నుంచి 25 లోపు రెండు, 25 నుంచి 35 లోపు మూడు, ఆపైన నాలుగు. మొత్తం ఆరు పూటలు. 5 కిలోల్లోపు బిడ్డ సంగతి డాక్టరే చూడాలి. వైవాక్స్ మలేరియా అయితే మన దగ్గర ఇచ్చేది క్లోరోక్విన్, దాని లెక్క వేరు.

పిల్లాడు కాటా మీద నిలబడితే 15.3 చూపించింది. అంటే రెండు గోలీలు. కానీ ఒంటిమీద స్వెటర్, కాళ్లకు చెప్పులు ఉన్నాయి. అవి తీయించేసరికి ఏడుపు, ఇక నిలబడడు. అప్పుడు తల్లిని ఎత్తుకోమన్నాను. ఇద్దరూ కలిసి 59.8, తల్లి ఒక్కతే 45.2. తీసేస్తే పిల్లాడు 14.6. పూటకు ఒక్క గోలీ. వయసు పట్టికలో మూడేళ్లు దాటితే రెండని ఉంటుంది. బక్కపిల్లల దగ్గర వయసుకూ బరువుకూ పొంతన కుదరదు కాబట్టి బరువు తెలిసినప్పుడు దాన్నే నమ్మాలి.

గోలీ వేసే ముందు జ్వరం దించాలి. ఒళ్లు కాలిపోతున్న పిల్లాడికి వేస్తే చాలాసార్లు కక్కేస్తాడు. పారాసిటమాల్ ఇచ్చి, గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిచి, కాస్త కుదుటపడ్డాక గోలీని చెంచాలో నీళ్లతో మెదిపి పోయాలి. వెంటనే పాలు పట్టాలి. ల్యుమిఫాంట్రిన్ కొవ్వుతోనే ఒంటికి బాగా పడుతుంది. ఒట్టి నీళ్లతో మింగిస్తే చాలావరకు వృథా. వెన్న తీయని పాలు మంచివి, తల్లిపాలు తాగే బిడ్డకు తల్లిపాలే చాలు.

10:40కి వేశాను. 11 గంటలకు మొత్తం కక్కేశాడు. ఇక్కడే తల్లులు కంగారుపడతారు. "సిస్టరమ్మా, కొంచెం లోపల ఉండి ఉంటది గదా, చాలదా?" అని అడిగింది ఆ తల్లి. చాలదమ్మా అన్నాను. ఈ గోలీకి గంటలోపు వాంతయితే పూర్తి మోతాదు మళ్లీ ఇవ్వాలి, సగం కాదు. గంట దాటాక అయితే ఆ పూటకు మళ్లీ ఇవ్వక్కర్లేదు. అందుకే మొదటి పూట వేశాక గంటసేపు పిల్లాణ్ని కదలనివ్వను. మూతి కడిగి, పావుగంట పడుకోబెట్టి, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా పట్టి, 11:20కి ఇంకో గోలీ వేశాను. నిలిచింది.

ఆ రెండో గోలీ ఎక్కడిదో గమనించండి. స్ట్రిప్పులో సరిగ్గా ఆరు పూటలకే ఉంటాయి. దాంట్లోంచి తీస్తే చివరి పూట ఎగిరిపోతుంది, అందుకే విడిగా తెప్పించాను. గడియారం కూడా నిలిచిన గోలీ నుంచే మొదలవుతుంది. ఎనిమిది గంటల తర్వాత, అంటే రాత్రి 7:20కి రెండోది. తర్వాత రెండు రోజులు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

మళ్లీ వేసింది కూడా కక్కితే మూడోసారి ప్రయత్నించొద్దు. ఇక నోటిమందు పనికిరాదు, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ కావాలి, సూర్యాపేట పెద్దాసుపత్రికి పంపడమే. ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, ఏదీ తాగలేకపోయినా అసలు గోలీతో మొదలుపెట్టొద్దు.

ఆశ కార్యకర్తల దగ్గరి ప్యాకెట్ వేరు. 2013 జాతీయ మార్గదర్శకాల్లో ఈశాన్య రాష్ట్రాలకు మా ఈ గోలీ, మిగతా రాష్ట్రాలకు ఆర్టిసునేట్, ఎస్‌పీ కలిపిన ప్యాకెట్ పెట్టారు. అది వయసును బట్టి రంగురంగుల్లో ఉంటుంది. దానికి వాంతి గడువు అరగంట. కక్కితే పావుగంట ఆగి, పాత ప్యాకెట్ పక్కనపెట్టి కొత్తది విప్పాలి.

మరో సంగతి. ఒకాయన మందుల షాపులో ఇదే పేరుతో ఉన్న పెద్దల గోలీ తెచ్చి, "ఒకటే గదా రాసింది" అని వేయబోయాడు. అది 80/480. ఒక్కటి మన పిల్లల గోలీలు నాలుగింటికి సమానం. స్ట్రిప్పు వెనక 20/120 అని చూశాకే విప్పండి.

మూడో రోజు ఆ తల్లి స్ట్రిప్పు తెచ్చి చూపించింది. జ్వరం రెండో రోజే తగ్గిందట. ఇంకా ఒక గోలీ మిగిలే ఉంది, రాత్రిది. అది తమ్ముడికి దాచొద్దని, పాలు కాచి వీడికే వేయమని చెప్పి పంపాను.