ఎన్నింటికి కట్టేస్తారు?

తెలుగులో “కొట్టు కట్టేశారు” అంటాం, “స్టవ్ కట్టేశారు” అని కూడా అంటాం. రెండింటికీ ఒకే మాట. నేను ఇంగ్లీష్ మీడియంలో చదివాను. ఈ వయసులో తెలుగు రాయడం నేర్చుకుంటున్నాను కాబట్టి ఇలాంటి మాటలు నాకు సరదాగా ఉంటాయి. కానీ రెస్టారెంట్ వెబ్‌సైట్ చేసేటప్పుడు ఈ రెండు “కట్టేయడాలు” వేరుచేయకపోతే కస్టమర్ తలుపు దాకా వచ్చి ఆకలితో వెనక్కి వెళ్తాడు.

న్యూజెర్సీలో మా గుడికి వచ్చే భార్యాభర్తలకు ఒక చిన్న రెస్టారెంట్ ఉంది. ఆ సైట్ నేను చూస్తాను. మెనూ పెద్ద కష్టం కాలేదు. ఫోటో పెట్టకుండా అక్షరాలతోనే టైప్ చేశాను. ఫోటో అయితే ఫోన్‌లో వేళ్ళతో లాగి పెద్దది చేసుకుని చదవాలి, ధర మారితే మళ్ళీ ఫోటో తీయాలి. అసలు పని అంతా టైములతోనే పడింది.

వాళ్ళకి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం 11:30 నుంచి 2:30, సాయంత్రం 5:30 నుంచి 9:30. శుక్ర, శనివారాలు మాత్రం రాత్రి 12:30 దాకా. ఇక్కడే చిక్కు. శుక్రవారం రాత్రి 12:15 అంటే ఏ రోజు? గుడిలో పంచాంగం చూసేవాళ్ళకి వారం సూర్యోదయంతో మారుతుంది, కాబట్టి అది ఇంకా శుక్రవారమే. భోజనానికి వచ్చినవాళ్ళకీ శుక్రవారమే. కంప్యూటర్‌కి మాత్రం శనివారం వచ్చేసింది.

అంతకుముందు సైట్ చేసిన మనిషి దాన్ని రెండు ముక్కలు చేశాడు: శుక్రవారం 11:59 దాకా ఒకటి, శనివారం 12:00 నుంచి 12:30 దాకా ఇంకొకటి. సైట్‌లో శుక్రవారం పక్కన “11:59కి క్లోజ్” అని కనిపించేది. పదకొండున్నరకి సినిమా నుంచి వచ్చే పిల్లలు అది చూసి ఇంకెక్కడికో పోయేవారు. “ఆంటీ, మేం ఖాళీ టేబుళ్ళు చూస్తూ కూర్చుంటున్నాం” అంది ఆ అమ్మాయి.

నిజానికి ముక్కలు చేయక్కర్లేదు. సెర్చ్ ఇంజన్లు చదివే పద్ధతిలో, మూసే టైము తెరిచే టైము కంటే చిన్నదైతే అది మర్నాటిదని అర్థం. కాబట్టి శుక్రవారం సాయంత్రానికి ఇంతే చాలు:

```
"openingHoursSpecification": [{
  "@type": "OpeningHoursSpecification",
  "dayOfWeek": "Friday",
  "opens": "17:30",
  "closes": "00:30"
}]
```

మధ్యాహ్నానికి ఇలాంటిదే ఇంకొకటి పక్కన చేర్చాలి. టైములు 24 గంటల లెక్కలో రాయాలి. `12:30` అని రాస్తే అది మధ్యాహ్నం అయిపోతుంది! ఇది కస్టమర్లకి కనిపించే పేజీ కాదు, యంత్రం చదివేది. కనిపించే పేజీలో “శుక్రవారం సాయంత్రం 5:30 నుంచి రాత్రి 12:30” అని మామూలుగా రాయాలి, రెండూ ఒకటే చెప్పాలి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను శుక్రవారం రాత్రి 11:45కి మేలుకుని నా ఫోన్‌లో చూశాను. మా ఆయన నవ్వాడు, నవ్వనివ్వండి.

ఇప్పుడు స్టవ్ సంగతి. ఆ రోజుల్లో 12 గంటలకి స్టవ్ కట్టేస్తారు, 12:30కి తలుపు మూస్తారు. టేబుల్ బుకింగ్‌లో మూసే టైము 12:30 అని మాత్రమే ఇస్తే, అది 12:15కి కూడా టేబుల్ ఇచ్చేస్తుంది. మనిషి వచ్చి కూర్చుంటే అతనికి ఏం పెడతారు? వాళ్ళ దగ్గర భోజనానికి గంటన్నర పడుతుంది. అందుకే చివరి బుకింగ్ 11 గంటలకి పెట్టాం. మామూలు రోజుల్లో 8 గంటలకి. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది: అర్ధరాత్రి దాటిన టైము బుకింగ్‌లో లేదు కాబట్టి, “శనివారం 12:00” చూసి ఒక రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఉండరు. పదకొండు తర్వాత బుకింగ్ లేకుండా వచ్చినా కూర్చోబెడతారు, ఆ మాట బుకింగ్ బటన్ కింద రాశాను.

డెలివరీ యాప్‌ల లింకులు కూడా పెట్టాను, యాప్ మొదటి పేజీకి కాదు, నేరుగా వాళ్ళ రెస్టారెంట్ పేజీకి. కానీ సైట్‌లో టైము మారిస్తే యాప్‌లో మారదు. అక్కడి టైములు వేరుగా పెట్టాలి, ఒక్కో యాప్‌కి ఒక్కోసారి. వంటకి 20 నిమిషాలు కావాలి కాబట్టి శుక్రవారం ఆర్డర్లు 11:40కే ఆపమని పెట్టించాం.

ఇప్పుడు వాళ్ళ కౌంటర్ వెనక ఒక కాగితం అంటించి ఉంది. అందులో టైములు ఉండే చోట్లన్నీ రాసి ఉన్నాయి: సైట్, మ్యాప్, బుకింగ్, రెండు యాప్‌లు, తలుపు మీద బోర్డు. పండగకి సెలవు పెడితే ఆ అమ్మాయి పెన్నుతో ఒక్కొక్కటి టిక్ పెట్టుకుంటూ మారుస్తుంది. తలుపు బోర్డే అన్నిటికంటే చివర, ఎందుకంటే దానికి స్టూల్ ఎక్కాలి.